ప్యాకెట్‌లో ప్రాణం ఉందా?

అక్టోబరు వచ్చిందంటే కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడి నేలల్లో శనగ విత్తనానికి గొర్రులు సిద్ధమవుతాయి. అదే అదనులో ఊళ్లలోకి బయో మందుల బండ్లూ దిగుతాయి. రచ్చబండ దగ్గర బైకు ఆపి, సంచిలోంచి రంగురంగుల సీసాలు తీసి, "అన్నా, ఈ లీటరు సీసా కొట్టినావంటే యూరియా బస్తాతో పనే లేదు" అంటాడు కుర్రాడు. సీసా మీద పెద్ద అక్షరాలతో ఎన్‌పీకే అని, దాని పక్కన పచ్చటి ఆకు బొమ్మ, కింద నాలుగు ముద్రలు. ధర చూస్తే యూరియా బస్తాకు రెండింతలో మూడింతలో ఉంటుంది.

ఆ కుర్రాడి మాటను అక్కడికక్కడే వేళ్ల మీద లెక్క కట్టవచ్చు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. లీటరు సీసా మొత్తం బరువే కిలో చిల్లర. అందులో 20 కిలోల నత్రజని పట్టదు. ఉంటే గింటే గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియా ఉండాలి. అజోస్పైరిల్లం, అజటోబాక్టర్ లాంటివి నేల, తేమ అన్నీ కలిసొస్తే ఒక పంటకాలంలో ఎకరానికి 8 నుంచి 10 కిలోల నత్రజని ఇస్తాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అది మంచి సాయమే, కాకపోతే అర బస్తా యూరియా పాటి సాయం. ఇక ఆ ఎన్‌పీకే అన్న మాట. చట్టం ప్రకారమే ఎన్‌పీకే పేరుతో జీవన ఎరువుల మిశ్రమం ఉంది. అందులో ఉండేది నత్రజనిని పట్టే, భాస్వరాన్ని కరిగించే, పొటాష్‌ను కదిలించే బ్యాక్టీరియా. ఆ పోషకాలే సీసాలో పోసి ఉన్నాయని రైతు అనుకుంటే అమ్మేవాడు సరిదిద్దడు.

"మరి ఏ కంపెనీది కొనాలి?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. రసాయన ఎరువైతే పేరు చెప్పి వదిలేయవచ్చు. డీఏపీ బస్తా ఆర్నెల్లు గోదాములో ఉన్నా అందులో భాస్వరం చచ్చిపోదు. జీవన ఎరువు సంగతి వేరు. అది బతికున్న సరుకు. మంచి కంపెనీ మంచిగా తయారుచేసినా, లారీలో ఎండకు కాగి, రేకుల షెడ్డులో రెండు వేసవి నెలలు మగ్గితే మీ చేతికి వచ్చేది బొగ్గుపొడే. అందుకే కంపెనీ పేరు సగం సమాచారమే ఇస్తుంది. మిగతా సగం మీ చేతిలో ఉన్న ప్యాకెట్ ఏ బ్యాచ్‌ది, ఎప్పుడు తయారైంది, ఎక్కడ నిల్వ ఉంది అన్న వాటిలో ఉంటుంది.

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఇది చట్టంలో ఏ రకం కింద వస్తుంది?" మన దేశంలో ఎరువులన్నిటికీ 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది. 2006లో జీవన ఎరువులనూ, వర్మికంపోస్టు లాంటి సేంద్రియ ఎరువులనూ దాని కిందికి తెచ్చారు. సముద్రనాచు రసం, హ్యూమిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాల వంటి వాటిని 2021లో బయోస్టిమ్యులెంట్లు పేరుతో చేర్చారు. పురుగునో తెగులునో అదుపు చేస్తానని చెప్పుకునే ట్రైకోడెర్మా, బవేరియా, వేపనూనె మందులకు 1968 నాటి పురుగుమందుల చట్టం కింద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు డబ్బా మీద కనిపించాలి. ఈ నాలుగు గదుల్లో ఎక్కడా ఇమడకుండా, 'బయో' అన్న ఒక్క మాటతో పంట పెంచుతా, పురుగు చంపుతా, తెగులు ఆపుతా అని మూడు పనులూ చెప్పుకునే సీసా కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ఎంత సరుకు ఇలా తిరిగిందో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025లో చెప్పారు. ఒకప్పుడు దాదాపు 30,000 బయోస్టిమ్యులెంట్లు అడ్డూ అదుపూ లేకుండా అమ్ముడయ్యేవని, తనిఖీలు బిగించాక సుమారు 650 మాత్రమే మిగిలాయని ఆయన మాట.

ఇప్పుడు శనగకు వేసే రైజోబియం ప్యాకెట్ ఒకటి చేతిలోకి తీసుకుందాం. జీవన ఎరువుల్లో రైతు తన కళ్లతో తాను నిజం తేల్చుకోగలిగింది ఇదే. దీన్ని పరీక్షించడం వస్తే మిగతావాటిని ఏమేం అడగాలో అర్థమవుతుంది.

ప్యాకెట్ మీద మొదట చూడాల్సింది పంట పేరు. రైజోబియం అన్ని పప్పుజాతి పంటలకూ ఒకటే కాదు. శనగ వేరు శనగకు తగిన బ్యాక్టీరియాతోనే జత కడుతుంది. సోయా చిక్కుడుకు పనికొచ్చే రకం శనగ వేరు మీద బుడిపె కట్టదు. వేరుశనగ, కంది, మినుము, పెసరలకు పనిచేసే జాతి మరొకటి. 'అన్ని పంటలకూ' అని రాసిన రైజోబియం ప్యాకెట్ అక్కడే తప్పిపోయింది. ఉత్తర్వులోనే ప్యాకెట్ మీద రాసిన ప్రతి పంట మీదా బుడిపెలు కట్టి చూపించాలన్న నిబంధన ఉంది.

రెండోది బ్యాక్టీరియా లెక్క. పొడి రూపంలో ఉంటే గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు, ద్రవరూపంలో ఉంటే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు ఉండాలి. ప్యాకెట్ మీద దీన్ని 5 × 10⁷, 1 × 10⁸ అని రాస్తారు. పదికి పైన ఉన్న చిన్న అంకె ఒకటి తగ్గితే లెక్క పదో వంతుకు పడిపోతుంది కాబట్టి దాన్ని దగ్గరగా పెట్టుకుని చదవాలి. దాని పక్కనే బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, తయారీదారు పూర్తి చిరునామా ఉండాలి. పొడికి మామూలుగా ఆరు నెలలు, ద్రవానికి ఏడాది గడువు ఇస్తారు. గడువులోపు ఉందని సరిపెట్టుకోవద్దు. అక్టోబరులో విత్తే శనగకు ఆగస్టు, సెప్టెంబరులో తయారైన ప్యాకెట్ వెతకాలి. ఏప్రిల్‌లో తయారైనది కాగితం మీద గడువు దాటకపోవచ్చు గానీ రాయలసీమ వేసవి అంతా దాటి వచ్చింది.

ఆ తేడా ఎంతో ఒక ఎకరం లెక్కలో తెలుస్తుంది. జేజీ-11 రకం విత్తనం ఎకరానికి 30 కిలోలు అనుకుందాం. వంద గింజలు 22, 23 గ్రాములు తూగుతాయి కాబట్టి 30 కిలోలకు సుమారు 1 లక్షా 33 వేల గింజలు. 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్ ఒకటి చొప్పున మూడు ప్యాకెట్లు, 600 గ్రాములు. గ్రాముకు 5 కోట్లు నిజంగా ఉంటే మొత్తం 3,000 కోట్ల కణాలు. పంచితే గింజకు రెండు లక్షల పైచిలుకు వస్తాయి. శనగ లాంటి పెద్ద గింజకు కనీసం లక్ష అంటాలన్నది శాస్త్రవేత్తల లెక్క. కొంత రాలినా, కొంత చచ్చినా సరిపోతుంది. అదే ప్యాకెట్ ఎండకు కాగి నూరింట ఒక వంతే బతికి ఉంటే గింజకు రెండు వేలు అంటుతాయి. నేలలో అప్పటికే కోట్లలో ఉన్న ఇతర సూక్ష్మజీవుల మధ్య ఆ రెండు వేలు నిలవవు. బయటికి చూస్తే మాత్రం రెండు ప్యాకెట్లూ ఒకేలా నల్లగా ఉంటాయి.

అయినా ప్యాకెట్‌ను చేత్తో చూసి తెలుసుకోగలిగింది కొంత ఉంది. లిగ్నైట్ పొడిలో కలిపిన జీవన ఎరువులో తేమ 30 నుంచి 40 శాతం ఉండాలి. బయటినుంచి పిసికితే లోపలి పొడి కాస్త ముద్దకట్టాలి, విప్పితే చల్లగా తడిగా తగలాలి. గలగలలాడుతూ దుమ్ములా ఎగిరే పొడి ఎండిపోయిన పొడి. ముక్క వాసన కొట్టినా, తెల్లగా బూజు కనిపించినా వేరే సూక్ష్మజీవులు చొరబడ్డాయని అర్థం. ద్రవమైతే ఉబ్బిన సీసానూ, మూత తియ్యగానే కుళ్లు వాసన వచ్చేదాన్నీ అనుమానించాలి. వీటిలో ఏదీ లేనంత మాత్రాన సరుకు మంచిదని కాదు. చెడ్డదాన్ని పక్కన పెట్టడానికే ఈ పరీక్ష పనికొస్తుంది.

ఇక అంగడి. డీలరును రెండు అడగాలి. ఒకటి, ప్యాకెట్లు ఎక్కడ పెట్టావు? నీడన, చల్లగా, రసాయన ఎరువులకూ పురుగుమందులకూ దూరంగా పెట్టాలని ప్యాకెట్ మీదే ఉంటుంది. గాజు బీరువాలో మధ్యాహ్నపు ఎండ తగిలే చోట వరసగా నిలబెట్టి ఉంటే ఆ వరసలోది కొనకూడదు. రెండు, ఈ కంపెనీ సరుకు అమ్మడానికి నీ దగ్గర కాగితం ఉందా? ఎరువుల డీలరు దగ్గర ప్రతి తయారీదారూ ఇచ్చిన 'ఫారం ఓ' అనే మూల ధ్రువపత్రం ఉండాలి, అమ్మకానికి వ్యవసాయ శాఖ అనుమతి ఉండాలి, ధరల పట్టిక అంగడిలో కనబడేలా పెట్టాలి. కొన్నాక బిల్లు ఇవ్వడం ఆయన బాధ్యత. బిల్లు మీద సరుకు పేరుతో పాటు బ్యాచ్ నంబరు కూడా రాయించుకోండి. "ఎందుకన్నా, మన మధ్యన బిల్లేంటి?" అంటే నవ్వుతూనే, "రాయి తమ్మీ, లెక్కకు కావాల" అనండి. ఊళ్లోకి వచ్చిన బైకు కుర్రాడు ఇక్కడే దొరికిపోతాడు. అతని దగ్గర అంగడి లేదు, బిల్లు పుస్తకం లేదు, పంట పోయాక పట్టుకుందామంటే చిరునామా లేదు.

ఈ మధ్య అమ్మేవాళ్లు ల్యాబ్ రిపోర్టు కూడా సెల్‌ఫోన్లో చూపిస్తున్నారు. ఆ కాగితంలో మూడు చోట్ల చూడండి. పరీక్షించిన బ్యాచ్ నంబరూ మీ ప్యాకెట్ మీదిదీ ఒకటేనా? తేదీ ఎంత పాతది? నమూనా ఎవరు తీశారు? చాలా రిపోర్టుల అడుగున 'నమూనా పార్టీ తెచ్చి ఇచ్చినది' అన్న అర్థంలో ఒక చిన్న వాక్యం ఉంటుంది. కంపెనీ ఏరి కోరి తెచ్చిన సీసాలో ఏముందో ల్యాబ్ చెప్పింది, అంతే. అంగట్లో ఉన్న సరుకు సంగతి ల్యాబ్‌కు తెలియదు. ముద్రల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఐఎస్ఓ 9001 అన్నది కంపెనీ నిర్వహణ పద్ధతికి ఇచ్చేది, సీసాలోని బ్యాక్టీరియాకు ఇచ్చేది కాదు. ఇండియా ఆర్గానిక్, జైవిక్ భారత్ ముద్రలు సేంద్రియ పద్ధతిలో పండిన ఉత్పత్తుల కోసం పెట్టినవి. ఎరువు డబ్బా మీద అవి కనిపిస్తే ఎందుకు వేశారో అడగాలి. మీరు సేంద్రియ ధ్రువీకరణ తీసుకున్న రైతైతే మీ ధ్రువీకరణ సంస్థనే అడిగి, ఆ సరుకు వాడవచ్చని రాతపూర్వకంగా తీసుకున్నాకే పొలంలో వెయ్యండి.

ఆ రైతులు ఇంకో ప్రమాదాన్ని కూడా చూసుకోవాలి. బవేరియా లాంటి శిలీంధ్రం పురుగు ఒంటిమీద మొలకెత్తి, లోపలికి చొచ్చుకుని చంపడానికి రోజులు పడుతుంది. వేపమందు పురుగు ఆకలినీ ఎదుగుదలనూ దెబ్బతీస్తుంది గానీ వెంటనే పడగొట్టదు. సాయంత్రం కొడితే తెల్లారేసరికి పురుగంతా కింద రాలిపోయిందంటే, "బయో భలే పనిచేసింది" అని సంబరపడే ముందు ఆ సీసాలో రసాయన మందు కలిసిందని అనుమానించాలి. అది తెలియకుండా కొట్టిన రైతు పంటలో అవశేషాలు బయటపడితే సేంద్రియ ధ్రువీకరణ పోతుంది, సరుకు వెనక్కి వస్తుంది. ఆ సీసా అమ్మినవాడు అప్పటికి ఇంకో పేరుతో ఇంకో జిల్లాలో ఉంటాడు.

మళ్లీ మన రైజోబియం దగ్గరికి వద్దాం. కొన్న ప్యాకెట్ మంచిదైనా పట్టించే పద్ధతి తప్పితే కంపెనీని తిట్టుకుని లాభం లేదు. కాస్త బెల్లం నీళ్లలో కాచి, పూర్తిగా చల్లారనిచ్చి, పొడిని అందులో కలిపి, విత్తనం మీద చల్లి, చేతులతో మెల్లగా గింజ గింజకూ నల్లటి పొర పట్టేలా తిప్పాలి. వేడి బెల్లంపాకం పోస్తే బ్యాక్టీరియా అక్కడే పోతుంది. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. ఎండు తెగులుకు మందు పట్టిస్తే అది ముందు, అది ఆరాక చివర్లో రైజోబియం. రెండూ కలిపి ఒకేసారి పట్టించకూడదు.

విత్తేటప్పుడు పొలం ఒక పక్కన నాలుగు సాళ్లు రైజోబియం పట్టించని విత్తనం వేయాలి. పట్టించని విత్తనమే ముందు వేయాలి, లేకపోతే గొర్రుకూ చేతికీ అంటిన పొడి వాటికీ అంటుకుంటుంది. ఎరువు, మందు, అన్నీ రెండింటికీ ఒకటే. ఆ నాలుగు సాళ్లే అమ్మినవాడి మాటకు మీ దగ్గరున్న సాక్ష్యం.

విత్తిన 35 నుంచి 45 రోజుల మధ్య, పూత మొదలయ్యే వేళ, రెండు చోట్లా పది పది మొక్కలు తీసి చూడాలి. పీకకూడదు, పీకితే బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. చుట్టూ పారతో మట్టిపెళ్ల లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి, మట్టి దానంతట అది జారిపోయాక వేళ్లు చూడండి. విత్తనానికి పట్టించిన రైజోబియం పనిచేస్తే తల్లివేరు పైభాగంలో, కాండం కిందే, బుడిపెలు గుత్తులుగా ఉంటాయి. పక్క వేళ్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి చిన్నచిన్నగా ఉంటే అవి ఎక్కువగా నేలలో ముందే ఉన్న బ్యాక్టీరియావి. తర్వాత ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ, ఎరుపు రంగుంటే అది నత్రజని పడుతోంది. మన రక్తానికి రంగునిచ్చే పదార్థానికి దగ్గరి బంధువే ఆ రంగుకూ కారణం. లోపల తెల్లగా ఉంటే బుడిపె ఉంది గానీ పని లేదు. ఆకుపచ్చగా, గోధుమ రంగుగా ఉంటే దాని వయసు అయిపోయింది.

పట్టించిన మొక్కల్లో గులాబీ గుత్తులు ఎక్కువగా, పట్టించని సాళ్లలో తక్కువగా ఉంటే ఆ బ్యాచ్ పనిచేసింది. రెండు చోట్లా ఒకేలా ఉంటే తొందరపడి నకిలీ అనకూడదు. ఏటేటా శనగే వేస్తున్న పొలంలో తగిన రైజోబియం నేలలోనే దండిగా ఉంటుంది, కొత్తగా కలిపినా తేడా తెలియదు. శనగ కొత్తగా వేసిన నేలలోనో, చాలా ఏళ్లు వేరే పంటలు వేసి మళ్లీ శనగకు వచ్చిన నేలలోనో, వరి తర్వాత మాగాణిలోనో తేడా బాగా కనబడుతుంది. విత్తేటప్పుడు నత్రజని ఎక్కువ వేసినా మొక్కకు బుడిపెలతో అవసరం ఉండదు, కట్టదు. కొత్త పొలంలో, అన్నీ సరిగా చేసినా పట్టించిన మొక్కల్లో బుడిపెలు లేకపోతే ప్యాకెట్‌ను అనుమానించే హక్కు మీకుంది.

ఆ రోజు కోసమే అదే బ్యాచ్‌లో ఒకటి రెండు ప్యాకెట్లు విప్పకుండా చల్లటి చోట దాచాలి. విప్పిన ప్యాకెట్ పరీక్షకు పనికిరాదు, అందులో బయటి సూక్ష్మజీవులు చేరతాయి. ల్యాబ్‌లో ఆ పొడిని నీళ్లలో కలిపి, పదింతలు చొప్పున పలుచన చేసుకుంటూ పోయి, రైజోబియం పెరిగే జెల్లీ మీద వేస్తారు. ఆ జెల్లీలో కాంగో రెడ్ అనే రంగు కలుపుతారు. రైజోబియం ఆ రంగును పెద్దగా పీల్చుకోదు కాబట్టి, కొద్ది రోజులకు ఎర్రటి జెల్లీ మీద తెల్లటి చుక్కలుగా లేస్తుంది. పది లక్షల వంతులకు పలుచన చేసిన మిల్లీలీటరులో 60 చుక్కలు లేస్తే గ్రాముకు 6 కోట్లు, పాసు. ఆరే లేస్తే 60 లక్షలు, ఫెయిలు. రంగు పీల్చుకుని ఎర్రగా పెరిగినవి మామూలుగా చొరబాటుదారులు. గడువు దాటిన ప్యాకెట్ ఫలితం ఎవరి మీదా నిలవదు కాబట్టి ఆలస్యం చేయకూడదు.

ఫిర్యాదుకు దారి మండల వ్యవసాయ అధికారి. ఎరువుల ఇన్‌స్పెక్టర్ హోదాలో అంగడి నుంచి అదే బ్యాచ్ నమూనా తీసే అధికారం ఆ అధికారికి ఉంటుంది, చర్యకు నిలిచేది అలా తీసిన నమూనానే. పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్ ఉంది. నాసిరకం విత్తనంతో నష్టపోయిన మన ఆంధ్ర రైతుల కేసులో, రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అక్కడ కూడా మొదట అడిగేది బిల్లే.

ఊరంతా కలిసి, లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘం తరఫున, పెద్దఎత్తున కొనేవాళ్లు ఈ పరీక్షను కొనకముందే చేయించాలి. ఒకే బ్యాచ్ నుంచి రెండు ప్యాకెట్లు ల్యాబ్‌కు పంపి, రిపోర్టు వచ్చాకే మిగతా డబ్బు ఇస్తామని కంపెనీకి చెప్పవచ్చు. బతికున్న సరుకు అమ్మేవాడికి ఆ షరతు బరువు కాదు. ఒకరిద్దరు రైతులైతే ప్రైవేటు అంగడికి ముందు దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి ఫోన్ చేసి జీవన ఎరువు దొరుకుతుందేమో కనుక్కోండి. గుంటూరు దగ్గరి అమరావతి వ్యవసాయ పరిశోధనా స్థానంలో ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం జీవన ఎరువులు తయారుచేస్తుంది. అక్కడా తయారీ తేదీ అడగడం మానవద్దు. ఎవరి ఫోన్ నంబరూ తెలియకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఈ శనగ కారుకు ప్యాకెట్లు తెచ్చుకునే ప్రతి రైతూ బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి, ఒక ప్యాకెట్ విప్పకుండా పక్కన పెట్టండి, నాలుగు సాళ్లు పట్టించకుండా విత్తండి.